26 గిగాహెర్ట్జ్ 5జీ: దూరం కన్నా అడ్డే అసలు సమస్య (తరచుగా అడిగే ప్రశ్నలు)

మా ఫోన్‌లో 5జీ గుర్తు వస్తోంది. అది మిల్లీమీటర్ వేవేనా?

దాదాపుగా కాదనే చెప్పాలి. మన దేశంలో 5జీకి ప్రధానంగా మూడు రకాల తరంగాలు వాడుకోవచ్చు. 700 మెగాహెర్ట్జ్, 3.3 గిగాహెర్ట్జ్ పైన ఉన్న మధ్య బ్యాండు, 26 గిగాహెర్ట్జ్. వరంగల్, హనుమకొండ, కాజీపేటలో రోడ్డు మీద నడుస్తుంటే ఫోన్ పట్టుకునేది ఎక్కువగా మొదటి రెండింటిలో ఒకదాన్ని. మిల్లీమీటర్ వేవ్ అంటే మూడోది. దాన్ని పట్టుకోవాలంటే ఫోన్‌లో దానికోసమే పెట్టిన చిన్న యాంటెన్నాలు ఉండాలి. ఇక్కడ అమ్మే ఫోన్లలో చాలావాటికి అవి లేవు. ఐఫోన్లలోనైతే వాటిని అమెరికా మోడళ్లకే ఇస్తున్నారు.

అనుమానం తీరాలంటే ఫోన్ సర్వీస్ మెనూలో బ్యాండు పేరు చూడండి. సామ్‌సంగ్‌లో `*#0011#`, ఐఫోన్‌లో `*3001#12345#*` నొక్కితే ఆ మెనూ వస్తుంది. `n28` అంటే 700 మెగాహెర్ట్జ్. `n78` అంటే మధ్య బ్యాండు. `n258` అని ఉంటేనే 26 గిగాహెర్ట్జ్. పేరు బదులు ఛానెల్ నంబరు మాత్రమే కనిపిస్తే, అది 2016667 నుంచి 2070832 మధ్య ఉందేమో చూడండి. ఉంటే మిల్లీమీటర్ వేవే.

చాలా ఫోన్లు పట్టుకోలేనప్పుడు కంపెనీలు ఆ 26 గిగాహెర్ట్జ్ బ్యాండు కొనడం ఎందుకు?

వెడల్పు కోసం. 2022 వేలంలో 26 గిగాహెర్ట్జ్‌లో జియో ప్రతి సర్కిల్‌లో 1000 మెగాహెర్ట్జ్, ఎయిర్‌టెల్ 800 మెగాహెర్ట్జ్ తీసుకున్నాయి. మధ్య బ్యాండులో ఒక్కో కంపెనీ దగ్గర ఉన్నది సుమారు 100 మెగాహెర్ట్జే. సందు నుంచి నాలుగు వరుసల రోడ్డు మీదికి వచ్చినంత తేడా. కాకపోతే ఆ రోడ్డు ఎక్కడపడితే అక్కడికి రాదు.

ఈ తరంగం దూరం పోదంటారు. గాలి పీల్చేసుకుంటుందా?

ఇది చాలామందికి ఉన్న అపోహ. ఆక్సిజన్ గట్టిగా పీల్చుకునేది 60 గిగాహెర్ట్జ్ దగ్గర. 26 దగ్గర గాలివల్ల పోయేది వీధి దూరాల్లో లెక్కలోకి రానంత తక్కువ.

అసలు తేడా యాంటెన్నా పరిమాణంలో ఉంది. 26 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 11.5 మిల్లీమీటర్లు, అంటే శనగ గింజంత. 3.5 గిగాహెర్ట్జ్‌ది 86 మిల్లీమీటర్లు. తరంగం చిన్నదైతే దాని యాంటెన్నా ముక్కా చిన్నదే, అది పోగుచేసే శక్తీ తక్కువే. ఒకే దూరంలో ఒక్కో ముక్కతో పట్టుకుంటే 26 దగ్గర అందేది 3.5 దగ్గర అందేదానిలో 55వ వంతు. డెసిబెల్‌లలో చెబితే 17 తక్కువ. (డెసిబెల్ లెక్క సులువే: 10 తగ్గితే శక్తి పదో వంతు, 20 తగ్గితే నూరో వంతు, 30 తగ్గితే వెయ్యో వంతు.)

ఈ నష్టాన్ని పూడ్చుకోవచ్చు. ముక్కలు చిన్నవి కాబట్టి పదహారు వరుసల్లో పదహారేసి, మొత్తం 256 ముక్కల్ని అరచేయంత పలక మీద పేర్చవచ్చు. అన్నీ కలిసి టార్చిలైటులాగా ఒకే దిక్కుకు సన్నని బీమ్ విసురుతాయి. ఎదురుగా ఏ అడ్డూ లేకపోతే 300 మీటర్లు ఈ బీమ్‌కు కష్టమేం కాదు. అడ్డు వచ్చినప్పుడే కథ మారుతుంది.

ఏ అడ్డు ఎంత తినేస్తుంది?

ప్రమాణాలు తయారుచేసే 3జీపీపీ వాళ్ల నమూనా ప్రకారం 26 గిగాహెర్ట్జ్ దగ్గర మామూలు కిటికీ అద్దం సుమారు 7 డెసిబెల్‌లు తింటుంది. ఎండ వేడి రాకుండా లోహపు పూత పూసిన అద్దమైతే 31. కాంక్రీటు గోడకు లెక్క వేస్తే 109 వస్తుంది. అంటే గోడ దాటి ఏమీ రాదు. అదే గోడ 3.5 గిగాహెర్ట్జ్‌కు 19 మాత్రమే, అందుకే మధ్య బ్యాండు ఇంట్లోకి కొంతైనా వస్తోంది.

చెట్టు విషయానికొస్తే, గుబురు వేపచెట్టులో తరంగం పది మీటర్లు ఆకుల మధ్య నుంచి పోవాల్సి వస్తే సుమారు 11 డెసిబెల్‌లు పోతాయి. మనిషి అడ్డం నిలబడితే స్థూలంగా 20, ఒక్కోసారి 30 కూడా. ఆ మనిషి మీరే కావచ్చు. టవర్‌కు వీపు పెట్టి ఫోన్ చూసుకుంటుంటే అడ్డు మీ ఒళ్లే. ఫోన్ పట్టుకున్న చెయ్యి యాంటెన్నాను మూసినా అంతే. మధ్య బ్యాండు తరంగం ఇలాంటి అడ్డుల పక్కనుంచి కొంత వంగి వెనక్కి చేరుతుంది. 26 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ వంపు చాలా తక్కువ, నీడ కత్తితో కోసినట్టు పడుతుంది.

ఒక కాలనీ తీసుకుని లెక్క చూపించగలరా?

హనుమకొండలో ఒక మామూలు కాలనీ అనుకుందాం. రెండంతస్తుల ఇళ్లు, మధ్యలో వీధి, వీధి వెంట వేపచెట్లు. 300 మీటర్ల అవతల మెయిన్ రోడ్డు మీద భవనంపైన పెద్ద టవర్. ఫోన్ చేతిలో పట్టుకున్న మనిషి వీధిలో ఉన్నాడు.

లెక్క టవర్ నుంచి ఫోన్‌కు కాదు, ఫోన్ నుంచి టవర్‌కు వేయాలి. టవర్‌కు కరెంటు కొదవ లేదు, ఫోన్‌కు ఉన్నది బ్యాటరీ. ముందు తెగిపోయేది ఎప్పుడూ ఫోన్ గొంతే. `n258`లో మామూలు ఫోన్ తన బీమ్ దిశలో కనీసం 22.4 డీబీఎం, అంటే ఒక మిల్లీవాట్ కన్నా 22.4 డెసిబెల్‌లు పైన, ఇవ్వగలగాలని ప్రమాణం. టవర్ యాంటెన్నా దానికి 28 డెసిబెల్‌లు కలుపుతుందనుకుందాం. వీధి నమూనాలో, టవర్ ఎదురుగా కనిపిస్తుంటే 300 మీటర్లలో పోయేది దాదాపు 113. 100 మెగాహెర్ట్జ్ ఛానెల్‌లో రిసీవర్ సొంత రొద −89 దగ్గర ఉంటుంది. కూడికలు తీసివేతలు చేస్తే ఫోన్ సిగ్నల్ రొదకన్నా సుమారు 27 డెసిబెల్‌లు పైన ఉంటుంది. ఈ 27నే మిగులు అందాం. మంచి మిగులే.

ఇప్పుడు మధ్యలో ఒక వేపచెట్టు. మిగులు 16కు దిగింది. పని నడుస్తుంది. ఆ మనిషి పక్కకు తిరిగాడు, ఒళ్లు అడ్డం వచ్చింది, ఇంకో 20 పోయాయి. మిగులు −4. ఫోన్ మిల్లీమీటర్ వేవ్‌ను వదిలి మధ్య బ్యాండుకు పారిపోతుంది. చెట్టు లేకుండా మూలమీది ఇల్లు మాత్రమే అడ్డం ఉండి, గోడల మీద తగిలి వచ్చిన సిగ్నలే దిక్కయితే, అదే నమూనాలో నష్టం 140 దాకా పోతుంది. ఒళ్లు అడ్డం రాకముందే మిగులు సున్నా.

అయితే టవర్ పవర్ పెంచితే సరిపోదా?

పదింతలు పెంచితే వచ్చేది 10 డెసిబెల్‌లు. పైన చూసిన చెట్టుకు సరిగ్గా సరిపోదు, కాంక్రీటు గోడకు ఏ మూలకూ రాదు. పైగా టవర్ గట్టిగా అరిస్తే ఫోన్‌కు వినిపిస్తుంది కానీ ఫోన్ మాట టవర్‌కు వినిపించదు. ఫోన్ పవర్ పెంచడానికి శరీరానికి దగ్గరగా ఉండే పరికరాల పరిమితులు ఒప్పుకోవు.

స్మాల్ సెల్ దగ్గరగా ఉంటుంది కాబట్టే పనిచేస్తుందా?

సగం నిజం. పై కాలనీలో 80 మీటర్ల దూరంలో స్తంభానికి చిన్న యాంటెన్నా పెట్టె, అంటే స్మాల్ సెల్, పెట్టామనుకోండి. 300 నుంచి 80కి వస్తే దూరంవల్ల కలిసొచ్చేది 12 డెసిబెల్‌లే. చిన్న పెట్టె యాంటెన్నా కాస్త బలహీనం, 28 బదులు 24 అనుకుంటే నికరంగా వచ్చింది 8. దీనికోసమే అయితే ఇంత ఖర్చు దండగ.

అసలు లాభం స్తంభం ఎదురుగా కనిపించే అవకాశంలో ఉంది. నగర వీధులకు 3జీపీపీ నమూనా చెప్పేది ఇది: యాంటెన్నా 300 మీటర్ల దూరంలో ఉంటే అడ్డం లేకుండా కనిపించే అవకాశం నూటికి 6. దూరం 80 మీటర్లయితే 31. 50 మీటర్లయితే 52. ఈ అంకెలు మన వీధుల్లో కొలిచినవి కావు, సాధారణ నగరానికి వేసిన నమూనా. అయినా ధోరణి ఇక్కడా అదే.

ఇంకో సంగతి. 80 మీటర్ల దూరంలో నేరుగా కనిపించకపోయినా, గోడల మీద తగిలి వచ్చే సిగ్నల్‌కే 14 దాకా మిగులు ఉంటుంది. 300 దగ్గర అది సున్నా అని చూశాం. నేరుగా కనిపించినప్పుడు ఒళ్లు అడ్డం వచ్చినా మిగులు 15 దగ్గర ఉంటుంది. కింద పడే ముందు పట్టుకోవడానికి కొమ్మ దొరికినట్టు.

రెండో స్తంభం ఎదురు దిక్కున ఉంటే ఇంకా మేలు. ఒకదానికి వీపు పెడితే ముఖం రెండోదానికి ఉంటుంది. పెద్ద టవర్ ఎంత ఎత్తున్నా ఒకే దిక్కు నుంచి చూస్తుంది, ఈ పని చేయలేదు.

వీధిలో స్తంభాలు ఎక్కడ పెట్టాలి?

అదే కాలనీలో 240 మీటర్ల నేరు వీధి, దాని మధ్యలోంచి పక్కకు 120 మీటర్ల గల్లీ ఉందనుకోండి. మొదటిది కూడలిలో, ఎందుకంటే అక్కడినుంచి రెండు వీధులూ కనిపిస్తాయి. కూడలికి పది మీటర్లు ఇవతల పెడితే గల్లీ మొత్తం నీడలో పడుతుంది. చేసే తప్పుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. తర్వాత వీధి రెండు కొసల్లో ఒక్కోటి, లోపలికి చూసేలా. గల్లీ చివర నాలుగోది. అక్కడ జనం తక్కువైతే దాన్ని తర్వాతకు వాయిదా వేయొచ్చు.

ఎత్తు దగ్గర బేరం తప్పదు. ఎక్కువ ఎత్తు పెడితే వేపచెట్టు తల అడ్డం, తక్కువ పెడితే లారీ అడ్డం. వీధి దీపం స్తంభం మీద 7 మీటర్ల దగ్గర పెట్టి, 80 మీటర్ల అవతల ఫోన్ 1.5 మీటర్ల ఎత్తులో ఉందనుకుని గీత గీయండి. 3.8 మీటర్ల లారీ, ఫోన్‌కు 33 మీటర్ల లోపు ఆ గీత మీదికి వస్తే నీడ పడుతుంది. దూరం 60 మీటర్లకు తగ్గిస్తే నీడ పడే మేర 25 మీటర్లు. ఎదుటి మనిషి తలతో చిక్కు నాలుగైదు మీటర్ల లోపే. కాబట్టి లారీలు, బస్సులు తిరిగే హంటర్ రోడ్డు లాంటి చోట స్తంభాలు దగ్గరగా, రోడ్డుకు రెండు పక్కలా ఉండాలి. లోపలి కాలనీలో అంత అవసరం లేదు.

చెట్టు విషయంలో ఒక జాగ్రత్త. సర్వే ఆకురాలిన కాలంలో చేయకండి. ఫిబ్రవరి, మార్చిలో బోడిగా ఉన్న కొమ్మల మధ్య నుంచి చక్కగా కనిపించిన స్తంభం జులైకి మాయమవుతుంది. చెట్లు గుబురుగా ఉన్నప్పుడు ఒక ఫోటో, కొమ్మ పెరుగుదలకు ఇంకొంచెం వదులు, ఆ తర్వాతే స్తంభం ఖరారు.

స్తంభం ఉంది కదా, పెట్టె బిగిస్తే అయిపోతుందా?

ఇక్కడే చాలా పనులు ఆగిపోతాయి. మొదటిది కరెంటు. వీధి దీపాల లైను చాలాచోట్ల ఒకే స్విచ్చి మీద ఉంటుంది, సాయంత్రం వేస్తారు, తెల్లారి తీస్తారు. ఆ తీగకే పెట్టె తగిలిస్తే రాత్రంతా అద్భుతంగా నడిచి, పొద్దున ఆరింటికి ఠక్కున పోతుంది. స్మాల్ సెల్ సరిగ్గా సూర్యోదయానికి పడిపోతోందంటే పెట్టెను అనుమానించకండి, లైను చూడండి. స్విచ్చితో సంబంధం లేని వేరే లైను, మీటరు, చిన్న బ్యాటరీ, పిడుగుల నుంచి కాపాడే పరికరం, మంచి ఎర్తింగు కావాలి.

రెండోది ఫైబర్. ఒక్కో పెట్టె గిగాబిట్లలో మాట్లాడుతుంది కాబట్టి వెనక ఫైబర్ ఉంటేనే దానికి అర్థం. స్తంభాల మీదుగా వేలాడదీసిన కేబుల్ చవక. ఎత్తు లోడుతో వచ్చిన లారీ, ఫ్లెక్సీ కట్టేవాళ్ల కత్తి, మన ఊళ్లలో కోతుల గుంపు దాన్ని చూసుకుంటాయి. కూడలి పెట్టెకైనా భూమిలోపలి ఫైబర్ ఇచ్చి, మిగతావాటికి గాలిలో వేస్తే నష్టం తగ్గుతుంది. ఫైబర్ అసలే రాని కొసకు, పక్క పెట్టె నుంచే రేడియో ద్వారా డేటా అందించే పద్ధతి 3జీపీపీ 16వ విడుదలలో ఉంది. అయితే అక్కడ వాడకందార్ల వాటాలోంచే కొంత దారికి పోతుంది.

మూడోది సమయం. ఈ బ్యాండులో పంపడం, వినడం ఒకే తరంగం మీద వంతులవారీగా జరుగుతాయి. పక్కపక్క పెట్టెల గడియారాల మధ్య తేడా సెకనులో పది లక్షల వంతుల్లో 3 దాటకూడదు. లేకపోతే ఒకటి వింటున్నప్పుడు పక్కది అరుస్తుంది. జీపీఎస్ యాంటెన్నాకు ఆకాశం కనిపించకుండా చెట్టు కింద బిగించారంటే ఈ తిప్పలే. సిగ్నల్ బలంగా చూపిస్తుంది, వేగం మాత్రం ఉండదు.

అనుమతి, స్తంభం అద్దె వేరే పెద్ద కథ. వీధి స్తంభాల వంటివాటిని స్మాల్ సెల్‌లకు వాడుకోవడం మీద ట్రాయ్ 2022 నవంబరులో సిఫార్సులు ఇచ్చింది.

వానకు పోతుందా?

వాన చినుకుల కన్నా వాన తర్వాతి తడితోనే చిక్కు ఎక్కువ. గంటకు 100 మిల్లీమీటర్ల లెక్కన కుండపోత కురిసినా, 26 గిగాహెర్ట్జ్ దగ్గర కిలోమీటరుకు పోయేది సుమారు 16 డెసిబెల్‌లు. 80 మీటర్ల వీధికి ఒకటిన్నర కూడా కాదు. కానీ తడిసిన ఆకు పొడి ఆకుకన్నా ఎక్కువ తింటుంది, పెట్టె మూత మీద నిలిచిన నీటి పొర కూడా. వాన ఆగాక కూడా సిగ్నల్ పడే ఉండి, ఎండ కాసిన గంటకు తిరిగొస్తే కారణం ఇదే.

మేడారం జాతర, బతుకమ్మ లాంటి జనసందోహంలో ఇది పనికొస్తుందా?

పనికొచ్చే చోటు అదే, దెబ్బతినే చోటూ అదే. వేలమంది ఒకేసారి వీడియో పెడుతుంటే మధ్య బ్యాండు నిండిపోతుంది, ఈ వెడల్పే ఆదుకోవాలి. కానీ జనం ఒకరికొకరు గోడలవుతారు. ఫోన్ 1.3 మీటర్ల ఎత్తులో, పక్కవాళ్ల తలలు 1.7 మీటర్ల ఎత్తులో, అరమీటరు దూరంలో ఉన్నాయనుకోండి. ఆ తలల మీదుగా చూడాలంటే యాంటెన్నా సుమారు 39 డిగ్రీల పైన కనిపించాలి. స్తంభం 8 మీటర్లయితే అది స్తంభం చుట్టూ ఎనిమిది మీటర్లలోపే సాధ్యం. తల పైకెత్తి వీడియో తీస్తున్నవాడికి ఆ బాధ లేదు, జాతరల్లో అలాంటివాళ్లు చాలామందే. అయినా లెక్క వాళ్లమీద ఆధారపడకూడదు. ఇలాంటి చోట వీధికన్నా ఎత్తు మాస్టులు, కిందికి వంచిన యాంటెన్నాలు, జనం నిలిచే చోటుకు రెండు మూడు దిక్కుల నుంచి పెట్టాలి.

ఇంటికి 26 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ కనెక్షన్ ఇస్తామంటున్నారు. పెట్టె ఎక్కడ పెట్టించుకోవాలి?

బయట, వీలైతే డాబా మీద. ఇంటి పెట్టె ఫోన్ లాంటిది కాదు. కరెంటు మీద నడుస్తుంది, దాని బీమ్‌కు 40 డీబీఎం కనీస ప్రమాణం ఉండే తరగతి ఉంది. పై లెక్కలో 300 మీటర్లకు మిగులు 27 బదులు 45 దాకా వస్తుంది. ఒక వేపచెట్టును తట్టుకుంటుంది, గోడను మాత్రం కాదు. కిటికీ లోపల పెట్టించుకుంటే మామూలు అద్దం ఫరవాలేదు, పూత అద్దమైతే 31 పోతాయి, ఇనుప జాలీ ఉంటే ఆ కిటికీ వదిలేయండి.

బిగించేవాళ్లు వెళ్లేముందు పెట్టె సెట్టింగుల పేజీలో సిగ్నల్ బలం చెప్పే `RSRP` అంకె తెరిపించి పది నిమిషాలు కూర్చుని చూడండి. అంకె స్థిరంగా, కానీ మరీ కిందే ఉంటే మధ్యలో గోడ, లేదా యాంటెన్నా తప్పు దిక్కుకు ఉంది. గాలి వీచినప్పుడల్లా నాలుగైదు అటూ ఇటూ ఊగితే అది ఆకులు. రెండు సెకన్లు 15, 20 పడి మళ్లీ లేస్తే వీధిలో ఏదో అడ్డం వచ్చి పోతోంది, పెట్టె ఇంకో మీటరు పైకి పోవాలి. డాబా మీద నీళ్ల ట్యాంకు ఉన్న వైపు మాత్రం బిగించనీయకండి. ఈ తరంగానికి నిండు ట్యాంకు గోడతో సమానం. సాయంత్రం ఖాళీగా ఉన్నప్పుడు బాగా వచ్చి, పొద్దున మోటరు వేశాక పోయే సిగ్నల్‌కు కారణం వెతకడం అంత తేలిక కాదు.